గుండ్రటి లాన్‌కి గడ్డి చాల్లేదా, మిగిలిపోయిందా? లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకునే దారి

కాకినాడలో మా అక్కవాళ్ళ ఇంటి ముందు గుండ్రటి తోట ఉంది. బయటి అంచు నుంచి ఎదుటి అంచుకి 24 అడుగులు. నడిమధ్యలో అడ్డంగా 8 అడుగులుండే గుండ్రటి పూలమడి, అందులో నందివర్ధనం, చుట్టూ బంతి మొక్కలు. మడిని వదిలేసి మిగతా అంతా కార్పెట్ గడ్డి పరిపించాలని అక్క కోరిక. కడియం నర్సరీ నుంచి గడ్డి వచ్చింది, మేస్త్రి ఉదయాన్నే బయటి అంచు నుంచి పరచడం మొదలుపెట్టాడు. పది గంటలకల్లా అక్క ఫోన్: "ఒరేయ్ తమ్ముడూ, మూడడుగుల వెడల్పు పరిచేసరికి గడ్డి అయిపోయిందిరా! ఇంకా అయిదడుగులు ఖాళీగా ఉంది. తక్కువ పంపించారేమో అడుగుదామా?"

తక్కువ పంపలేదు. లెక్కే తప్పింది. ఇలాంటి తోటల్లో వచ్చే తప్పులు నాలుగైదే, ప్రతిదానికీ ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును బట్టి కారణం పట్టుకోవచ్చు. అక్కవాళ్ళ కొలతలతోనే చెబుతాను, మీ కొలతలు వాటి స్థానంలో వేసుకోండి.

గడ్డి సగంలోనే అయిపోయింది

ముందు చేయాల్సింది వచ్చిన ముక్కలు లెక్కపెట్టడం. అక్కకి వచ్చిన ముక్క ఒక అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు, అంటే రెండు చదరపు అడుగులు. మొత్తం 100 ముక్కలు వచ్చాయి. అడిగింది 200 చదరపు అడుగులే, వచ్చిందీ అంతే. కాబట్టి అమ్మినవాళ్ళ మీద అనుమానం అక్కర్లేదు.

మేస్త్రి చీటీ చూస్తే కారణం బయటపడింది. బయటి వ్యాసార్ధం 12, మడి వ్యాసార్ధం 4. ఆయన 12లోంచి 4 తీసేసి, మిగిలిన 8ని వర్గం చేసి 3.14తో గుణించాడు. వచ్చింది 201. చూడ్డానికి సబబుగానే ఉంటుంది, ఎందుకంటే గడ్డి పరిచే పట్టీ వెడల్పు నిజంగానే 8 అడుగులు. కానీ ఆ లెక్క 8 అడుగుల వ్యాసార్ధమున్న మామూలు వృత్తానిది, మధ్యలో మడి వదిలేసిన మన కంకణానిది కాదు. ముందు రెండు వర్గాలూ విడివిడిగా చేసి, ఆ తర్వాతే తీసివేయాలి:

```
3.14 × (12 × 12 − 4 × 4)
= 3.14 × (144 − 16)
= 3.14 × 128
= 402 చదరపు అడుగులు
```

అంటే సరిగ్గా సగమే తెప్పించారు. సగమైనప్పుడు ఎనిమిదిలో నాలుగడుగులైనా నిండాలి కదా, మూడుకే ఎందుకు ఆగిపోయిందని అక్క అడిగింది. బయటి చుట్టు పొడవెక్కువ. అంచు నుంచి లోపలికి పరిచేటప్పుడు మొదటి అడుగు వెడల్పే 72 చదరపు అడుగులు మింగుతుంది. మడి పక్కన అదే అడుగు వెడల్పుకి 28 చాలు. అందుకే బయటినుంచి మొదలుపెడితే సగం గడ్డి మూడడుగులకి, మడి దగ్గర మొదలుపెడితే అదే గడ్డి దాదాపు అయిదడుగులకి వస్తుంది. గుండ్రటి చోట వెడల్పు చూసి ఎంత పని అయిందో అంచనా వేయకండి, ముక్కల లెక్కే నమ్మండి.

సరిచేయడానికి రెండు దారులు. మిగతా గడ్డిని అదే నర్సరీ నుంచి, అదే రకం, వీలైనంత త్వరగా తెప్పించడం మొదటిది. వేరే రకం కలిస్తే ఆకు సన్నదనంలోనూ రంగులోనూ తేడా వచ్చి, అతుకు వలయంలా కనబడుతుంది. డబ్బు సరిపోకపోతే, పరిచిన ముక్కల్లో కొన్నిటిని ఎత్తి, అరచేయంత తుంపులుగా చింపి, ఖాళీ నేలలో జానెడు దూరంలో నాటి తడుపుతుండండి. కొన్ని వారాల్లో పాకి కలుసుకుంటుంది. అప్పటిదాకా మధ్యలో మొలిచే కలుపు మాత్రం చేత్తో తీయాల్సిందే. అక్క మొదటి దారే ఎంచుకుంది.

గడ్డి గుట్టగా మిగిలిపోయింది

ఎంత మిగిలిందో చూస్తే కారణం అదే చెబుతుంది. ఓ 50 చదరపు అడుగులు మిగిలితే, మధ్య మడిని తీసివేయడం మరిచిపోయారన్నమాట. 4 అడుగుల వ్యాసార్ధమున్న మడి వైశాల్యం దాదాపు 50. నాలుగింతలు వచ్చి లారీలో సగం దించకుండానే తోట నిండిపోతే, వ్యాసాన్నే వ్యాసార్ధమనుకున్నారు. టేపు ఈ అంచు నుంచి ఆ అంచుకి పట్టినప్పుడు వచ్చేది 24. దాన్ని సగం చేయకుండా వర్గం చేస్తే 402కి బదులు 1608 వస్తుంది.

మిగిలిన గడ్డిని గుట్టగా ఉంచొద్దు. లోపల వేడెక్కి ఒకటి రెండు రోజుల్లోనే పసుపు తిరుగుతుంది. నీడలో ఒక వరసగా పరిచి తడి తగిలిస్తే ఇంకొన్ని రోజులు ఆగుతుంది, ఈలోపు ఎవరికైనా ఇచ్చేయొచ్చు.

లెక్క సరిగ్గానే ఉంది, అయినా చివర్లో కొన్ని ముక్కలు తక్కువయ్యాయి

ఇది తప్పు కాదు, తరుగు. ముక్కలు దీర్ఘచతురస్రం, తోట గుండ్రం. పైగా మన తోటకి వంపు అంచులు రెండు: బయట ఒకటి, మడి చుట్టూ ఒకటి. రెండుచోట్లా ముక్కలు కోయక తప్పదు. ఇంత చిన్న తోటకి పదోవంతు అదనంగా తీసుకోవాలని నా అభిప్రాయం. 402కి 40 కలిపితే 442, అంటే 221 ముక్కలు. పెద్ద మైదానాలకి అంత అక్కర్లేదు, అక్కడ అంచు పని తక్కువ. కోసిన కొసల్ని పారేయకుండా పక్కన పెట్టుకుంటే మడి చుట్టూ సందులు నింపడానికి పనికొస్తాయి.

వారం తర్వాత ముక్కల మధ్య సందులు తెరుచుకుంటే అది కూడా గడ్డి తక్కువై కాదు. ముక్కలు ఎండి ముడుచుకున్నాయి. సందుల్లో జల్లించిన మట్టి, ఇసుక కలిపి నింపి, పొద్దునా సాయంత్రం తడిపితే సర్దుకుంటుంది.

అంచు ఇటుకలు సగానికే వచ్చాయి

గడ్డి లెక్కకి అలవాటు పడ్డవాళ్ళు అంచుకీ తీసివేతే చేస్తారు. అక్కడే దెబ్బతింటారు. మడి ఉన్నచోట గడ్డి తగ్గుతుంది నిజమే, కానీ మడి చుట్టూ ఇంకో అంచు కొత్తగా వచ్చింది కదా. గడ్డికి తీసివేత, అంచుకి కూడిక:

```
బయటి అంచు: 2 × 3.14 × 12 = 75.4 అడుగులు
మడి అంచు:  2 × 3.14 × 4  = 25.1 అడుగులు
మొత్తం:                    100.5 అడుగులు
```

50 అడుగులు తెచ్చి ఉంటే మీరు తీసివేశారు. 75 తెచ్చి ఉంటే మడి అంచు మరిచిపోయారు. చుట్టగా వచ్చే ప్లాస్టిక్ అంచు అయితే ఒక్కో అతుకు దగ్గర కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కించాలి, కాబట్టి రెండు మూడు అడుగులు ఎక్కువ తీసుకోండి.

ఇటుకలతో ఇంకో చిక్కు ఉంది. ఇటుక వంగదు. 9 అంగుళాల ఇటుకని బయటి పెద్ద చుట్టుకి పొడవుగా పరిస్తే సందులు పెద్దగా కనబడవు. అదే మడి చుట్టూ పొడవుగా పెడితే ఇటుకకీ ఇటుకకీ మధ్య బయటివైపు దాదాపు అంగుళం సందు నోరు తెరుస్తుంది, గడ్డి వేర్లు అందులోంచే మడిలోకి దూరతాయి. అక్కడ ఇటుకని నిలబెట్టి, మూడంగుళాల మందం చుట్టు వెంట వచ్చేలా పాతండి. సందు పావు అంగుళం దగ్గరికి తగ్గిపోతుంది.

ఇటుకల్ని లెక్కించేటప్పుడు అవి ఒకదానికొకటి తగిలే లోపలి అంచు కొలతే తీసుకోవాలి. బయటి వరసని గీతకి బయట పెడితే లోపలి అంచు 12 అడుగుల గీత మీదే ఉంటుంది: 75.4ని 0.75తో భాగిస్తే 101 ఇటుకలు. మడి ఇటుకల్ని గీతకి లోపల, మడివైపు పెడితే తగిలే అంచు ఇటుక వెడల్పంత, అంటే నాలుగున్నర అంగుళాలు లోపలికి జరుగుతుంది. చుట్టుకొలత 22.8 అడుగులు, అడుగుకి నాలుగు చొప్పున 91 ఇటుకలు. విరిగేవాటికి పదో పదిహేనో కలపండి. బట్టీని బట్టి ఇటుక కొలత మారుతుంది, ఒకటి కొలిచి చూశాకే ఈ లెక్క వేయండి.

రెండు వరసలూ గడ్డివైపుకే పెట్టేస్తే గడ్డికి చోటు 38 చదరపు అడుగుల దాకా తగ్గుతుంది. అంటే దాదాపు 19 ముక్కలు మిగిలిపోతాయి. గడ్డి తెప్పించకముందే మేస్త్రితో ఈ మాట తేల్చుకోవాలి.

గడ్డి కాదు, మల్చింగ్ వేస్తే పొట్టు తక్కువో ఎక్కువో వచ్చింది

వేరుశనగ పొట్టు, కొబ్బరి పొట్టు, ఎండాకులు ఏదైనా సరే, నేల మీద పొరగా కప్పే మల్చింగ్‌కి వైశాల్యాన్ని మందంతో గుణించాలి. మందం అంగుళాల్లో అనుకుంటాం, వైశాల్యం అడుగుల్లో ఉంటుంది. తప్పంతా ఇక్కడే. 402ని మూడంగుళాలతో నేరుగా గుణిస్తే 1206 వస్తుంది, అది పన్నెండింతలు ఎక్కువ. మూడంగుళాలంటే పావు అడుగు, కాబట్టి 402లో నాలుగోవంతు: 100 ఘనపుటడుగులు. రెండంగుళాలకైతే 67.

బస్తాల్లో కొనేటప్పుడు బస్తా బరువు అడగకండి. తడి పొట్టుకీ పొడి పొట్టుకీ బరువు చాలా తేడా. ఒక బస్తా విప్పి బకెట్‌తో కొలవండి. ఘనపుటడుగుకి 28 లీటర్లు, అంటే 100 ఘనపుటడుగులకి 20 లీటర్ల బకెట్లు 140 పైచిలుకు. ఒక వానకి పొట్టు కుంగి పలచబడితే లెక్క తప్పిందనుకోవద్దు, ఆ తర్వాత పైన మరో పొర వేయాలి. మొక్కల కాండానికి నాలుగు వేళ్ళ దూరం వదలండి. ఇంటి గోడకి మాత్రం ఆనించొద్దు, చెదలు పడుతుంది.

కొలతే తీయలేకపోతున్నాను

మడిలో మొక్కలు గుబురుగా ఉంటే టేపు మధ్యనుంచి పోదు. అప్పుడు మడి చుట్టూ తాడు వేసి పొడవు కొలిచి, 6.28తో భాగించండి. 25 అడుగుల తాడు పడితే వ్యాసార్ధం 4. తోట అసలు గుండ్రంగానే ఉందా అన్న అనుమానం ఉంటే, అడ్డంగా, నిలువుగా రెండుసార్లు కొలవండి. 24, 22 వస్తే అది కోడిగుడ్డు ఆకారం. అప్పుడు 12 × 12 బదులు 12 × 11 వేయాలి.

మడి సరిగ్గా మధ్యలో లేకపోతే లెక్క మారుతుందేమోనని చాలామందికి టెన్షన్. మారదు. మడి ఓ మూలకి జరిగినా, బయటి గీత దాటనంతవరకు గడ్డీ అంతే, అంచూ అంతే.

మడి సరిగ్గా నడుమనే ఉంటే ఒక సరిచూపు కూడా ఉంది. కంకణం వెడల్పుకి సరిగ్గా మధ్యలో, అంటే మడి అంచు నుంచి నాలుగడుగుల దూరంలో తాడు చుట్టూ తిప్పండి. అక్కవాళ్ళ తోటలో అది 50 అడుగులు వచ్చింది. దాన్ని 8 అడుగుల వెడల్పుతో గుణిస్తే 400, మన 402కి దగ్గరే. రెండో విడత గడ్డికి ఫోన్ చేసే ముందు మేస్త్రి స్వయంగా ఈ తాడు తిప్పి చూశాడు. తరుగు కలిపి 110 ముక్కలు చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నానికి పని అయ్యేసరికి ఎనిమిది ముక్కలు మిగిలాయి. అవి ఇప్పుడు గేటు పక్కన పాకుతున్నాయి.