రేగడిలో నిలువు కోత: గట్టు మీద బీట కనిపిస్తే

నల్లరేగడిలో పైపులైను కోసం జేసీబీతో మూడు మీటర్ల లోతు నిలువుగా తవ్వారనుకుందాం. గోడ కత్తితో కోసిన జున్నుముక్కలా నున్నగా నిలబడింది. మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు గట్టు మీద సన్నటి బీట పడింది.

లక్షణం: అంచుకు సమాంతరంగా బీట

ఎండకు పడే బీటలు వలలా నాలుగు వైపులా పాకుతాయి. అంచు నుంచి మీటరు, మీటరున్నర దూరంలో అంచు వెంటే ఒకే గీతలా సాగే బీట వేరు. గోడ గుంత వైపు జరగడం మొదలైందని దాని అర్థం.

కారణం

పక్కనున్న మట్టిని తీసేయగానే పైభాగం గుంత వైపు లాగబడుతుంది. బంకమట్టి నొక్కుడును తట్టుకుంటుంది కానీ లాగుడును తట్టుకోలేదు, అందుకే చీలుతుంది. ఈ టెన్షన్ బీట సిద్ధాంతం ప్రకారం 2c_u/γ లోతు వరకు వెళ్లగలదు. మన మట్టి షియర్ బలం, అంటే జారుడును తట్టుకునే బలం, c_u 25 కిలోపాస్కల్స్, బరువు γ ఘనమీటరుకు 18 కిలోన్యూటన్లు అయితే ఆ లోతు 2.8 మీటర్లు, అంటే దాదాపు కోత మొత్తం.

కూలే ముక్క 45 డిగ్రీల తలం మీద జారుతుందనుకుంటే భద్రతా గుణకం F ఇలా వస్తుంది, అది 1 కంటే తగ్గితే గోడ నిలవదు. H కోత ఎత్తు, z బీట లోతు, γ_w నీటి బరువు (10 తీసుకున్నాను):

```
పొడి బీట:      F = 4 c_u / (γ (H + z))
నీరు నిండితే:  F = 2 c_u (H - z) / (γ (H² - z²)/2 + γ_w z²/2)
```

బీట లేకుండా F 1.85. కాంట్రాక్టర్ చూసి ధైర్యపడే అంకె ఇదే. బీట 1.5 మీటర్లకు దిగితే 1.23కు పడిపోతుంది, ఎందుకంటే జారుడు తలం పొట్టిదై పట్టు తగ్గింది. అదే బీటలో నీరు నిండితే 1.04. బీట 2 మీటర్లకు చేరితే, పొడిగా ఉన్నప్పుడు ఇంకా 1.11 ఉంటుంది, నీరు నిండితే 0.77. అంటే కూలిపోతుంది. ఒక రాత్రి వాన చాలు. బీటలో నిలిచిన నీరు గోడను వెనక నుంచి గుంతలోకి తోస్తుంది.

పరిష్కారం

ముందు మనుషుల్ని బయటికి రప్పించాలి. టేపు పట్టుకుని కొలవడానికి గుంతలోకి దిగకూడదు. తర్వాత జేసీబీని, గట్టున పోసిన మట్టిని దూరంగా జరపాలి. పైభాగాన్ని మెట్టులా వెనక్కి కోసి బరువు తగ్గించాలి. యంత్రం అంచుకు దూరంగా నిలబడి చేయగలిగితేనే ఈ పని. బీటను మెత్తటి బంకమట్టితో పూడ్చి, చుట్టూ చిన్న గట్టు కట్టి, టార్పాలిన్ కప్పాలి. పూడ్చితే నీరు దిగదు, అంతే. మట్టికి పోయిన బలం తిరిగి రాదు. మళ్లీ లోపల పని మొదలుపెట్టేది గోడలకు పలకలు, అడ్డకర్రలతో ఊతమిచ్చే షోరింగ్ వేశాకే, అదీ పైనుంచి దించుకుంటూ.

లక్షణం: బీట లేదు, వాన లేదు, అయినా కొన్ని వారాల తర్వాత కూలింది

ఇక్కడ తప్పు లెక్కలోనే ఉంది. తవ్వినప్పుడు భారం తగ్గుతుంది, మట్టి ఉబ్బాలని చూస్తుంది, రంధ్రాల్లోని నీటి పీడనం తగ్గుతుంది. తరచూ అది రుణ పీడనంగా మారి రేణువుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. c_u లెక్క ఆ పట్టును అరువు తీసుకుంటుంది. క్రమంగా చుట్టుపక్కల నీరు చేరి పట్టు సడలుతుంది. పగుళ్లు లేని మట్టిలో దీనికి నెలలు, ఏళ్లు పట్టవచ్చు. పగుళ్లున్న రేగడిలో రోజులు చాలు. 1957లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌వెల్ అణువిద్యుత్ కేంద్రం తవ్వకంలో పగుళ్లున్న లండన్ క్లే ఇలాగే దెబ్బతీసింది. నమూనా పరీక్షల c_uతో భద్రంగా కనిపించిన వాలు కొద్ది రోజుల్లోనే జారింది.

దీర్ఘకాలానికి ఆ అరువు పట్టు లేని బలాన్ని, అంటే రేణువుల అతుకు c', ఘర్షణ కోణం φ' తీసుకోవాలి. ఇదే మట్టికి c' 5 కిలోపాస్కల్స్, φ' 25 డిగ్రీలు అనుకోండి. మట్టి పక్కకు తోసే ఒత్తిడి గుణకం K_a ఈ కోణం నుంచే వస్తుంది, √K_a 0.637. నీటి పీడనం, బీట రెండూ లేనప్పుడు కూడా 4c'/(γ√K_a) సూత్రం ప్రకారం నిలవగల ఎత్తు 1.74 మీటర్లే. బీట లెక్కలోకి తెస్తే దాదాపు 1.16. మూడు మీటర్ల నిలువు కోతకు ఇక్కడ చోటే లేదు. వాలుగా కోయాలి, లేదా షోరింగ్ వేయాలి, లేదా తవ్విన చోట అదే వారం పైపు వేసి పూడ్చేయాలి. తవ్వకాల భద్రతపై భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 కూడా 1.5 మీటర్లు దాటిన ట్రెంచ్‌లకు షోరింగ్ అడుగుతుంది.

లక్షణం: లెక్కలో F 3కు పైగా వచ్చింది, కానీ గోడ ఆగడం లేదు

మట్టిలో గుచ్చి బలం చూసే పాకెట్ పెనిట్రోమీటర్ అంకెనే c_u అనుకున్నారేమో చూడండి. అది చూపేది చుట్టూ ఆసరా లేకుండా నొక్కితే మట్టి తట్టుకునే అన్‌కన్‌ఫైన్డ్ బలం, c_u అందులో సగం. పైగా గట్టి ముద్ద మీద గుచ్చి చూస్తే వచ్చే బలం ముద్దదే, ముద్దల మధ్య పగుళ్లది కాదు. జేసీబీ బకెట్ తెచ్చిన గడ్డను చేత్తో విరిచి చూడండి. నునుపైన, మెరిసే ముఖాల దగ్గర విడిపోతుంటే, ఆ c_uలో సగం కూడా నమ్మకండి.