జ్వరం తర్వాత, కాన్పు తర్వాత జుట్టు రాలుతుంటే ఏం చేయాలి?

డెంగీయో టైఫాయిడో తగ్గి మనిషి తేరుకున్నాక, లేదా బిడ్డకు మూడో నెల దాటాక, దువ్వెన నిండా జుట్టు రావడం మొదలవుతుంది. అనుమానం వెంటనే షాంపూ మీదకో బోరు నీళ్ల మీదకో పోతుంది. పాపం, వాటికి ఇందులో సంబంధం లేదు.

తలలో నూటికి 85–90 వెంట్రుకలు ఎప్పుడూ పెరుగుతూ ఉంటాయి. మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఆ విశ్రాంతి సుమారు మూడు నెలలు. అది ముగిశాక పాత వెంట్రుక ఊడి, అదే కుదురులో కొత్తది పెరుగుతుంది. తీవ్రమైన జ్వరం చాలా వెంట్రుకలను ఒక్కసారిగా విశ్రాంతిలోకి నెడుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు జరిగేది దీనికి తలకిందులు: ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండి, రాలవలసినవి కూడా నిలిచిపోతాయి. కాన్పుతో ఆ హార్మోను పడిపోగానే అవన్నీ కలిసి విశ్రాంతిలోకి వెళ్తాయి. చర్మవైద్యులు దీన్ని టెలోజన్ ఎఫ్లూవియం అంటారు. ఇందులో కుదురు చావదు.

1. క్యాలెండర్‌లో వెనక్కి లెక్కపెట్టండి. రాలడం ఎక్కువైన రోజు నుంచి రెండు మూడు నెలలు, కాన్పు అయితే రెండు నుంచి నాలుగు నెలలు వెనక్కి వెళ్లండి. అక్కడ జ్వరం, కాన్పు, ఆపరేషన్, లేదా కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం కనిపిస్తే కారణం దాదాపు దొరికినట్టే.

2. రాలిన వెంట్రుక మొదలు చూడండి. ఊడిన చోట చిన్న తెల్లటి బొడిపె ఉంటుంది. దాన్ని చూసి ‘కుదురే ఊడిపోయింది’ అని బెంగపడేవారు చాలామంది. నిజానికి అది విశ్రాంతి ముగించుకున్న వెంట్రుక గుర్తు. బొడిపె లేకుండా ముక్కలుగా వస్తే అది తెగిపోవడం, వేరే సమస్య.

3. నెలకోసారి లాగి చూడండి. తలస్నానం చేసిన మర్నాడు, 50–60 వెంట్రుకల పాయను వేళ్ల మధ్య పట్టుకుని మొదలు నుంచి చివరకు మెల్లగా లాగండి. మూడు నాలుగు చోట్ల ఇలా చేయండి. పాయకు ఐదారుకు మించి చేతిలోకి వస్తే రాలడం ఇంకా సాగుతున్నట్టు. రోజూ రాలినవి లెక్కపెట్టడం కంటే ఇది నయం. మామూలు రోజుల్లోనే 50–100 రాలుతాయి, పైగా వారానికోసారి తలంటుకునేవారికి ఆ వారం వెంట్రుకలన్నీ ఒకేరోజు కనిపిస్తాయి.

4. రక్తపరీక్ష అవసరమేమో అడగండి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ (టీఎస్‌హెచ్) ముఖ్యం. కాన్పులో రక్తం ఎక్కువగా పోయినవారిలో ఇనుము నిల్వ తగ్గి ఉండవచ్చు. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ కూడా తేడా చేస్తుంది. బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి చెప్పండి. అవి థైరాయిడ్ ఫలితాన్ని తప్పుగా చూపించగలవు.

5. పథ్యం సడలించండి. నా దృష్టిలో మన ఇళ్లలో సరిదిద్దవలసింది ఇదే. బాలింతకు చారన్నం, కారప్పొడి పెట్టి పప్పు, గుడ్డు, ఆకుకూరలు మాన్పిస్తే, జ్వరం నుంచి లేచినవారికి వారాల తరబడి బ్రెడ్డు, జావ పెడితే, కొత్త జుట్టుకు కావలసిన మాంసకృత్తులు, ఇనుము ఎక్కడి నుంచి వస్తాయి? డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప మిగతావి తినవచ్చు.

తలస్నానం మానవద్దు. మానితే రాలవలసినవి రెండు రోజులు ఆలస్యంగా రాలుతాయి, అంతే. గుండు చేయించుకున్నా ఒత్తుదనం పెరగదు, కుదురు చర్మం లోపల ఉంటుంది కదా.

ఇక ఎంతకాలం? ఒకరికి సెప్టెంబరులో డెంగీ వచ్చిందనుకుందాం. డిసెంబరులో రాలడం మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నాటికి తగ్గుముఖం పడుతుంది. సాధారణంగా ఇది మూడు నుంచి ఆరు నెలల వ్యవహారం. విసిగిపోయి ఫిబ్రవరిలో కొత్త నూనె మొదలుపెడితే ఏప్రిల్‌లో ఆ పేరంతా నూనెకు పోతుంది! ఈలోగా నుదుటి దగ్గర, పాపిట వెంట పొట్టి వెంట్రుకలు నిక్కి కనిపిస్తాయి. అవి నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. బాలింతల్లో చాలామందికి బిడ్డ తొలి పుట్టినరోజు నాటికి ఒత్తుదనం తిరిగి వస్తుంది.

ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే, పేనుకొరుకుడులా గుండ్రంగా ఊడితే, పాపిట మాత్రమే వెడల్పవుతుంటే, మాడు ఎర్రబడి నొప్పి పుడితే చర్మవైద్యుణ్ణి కలవండి. పాలిచ్చే తల్లులు మినాక్సిడిల్ లాంటి మందును సొంతంగా మొదలుపెట్టకూడదు. జడ పొడవుగా ఉన్నవారికి మాత్రం మాడు నిండాక కూడా జడ చివర ఏడాది రెండేళ్లు పలచగానే ఉంటుంది. కొత్త వెంట్రుకలు అక్కడిదాకా చేరాలి కదా. అది ఇబ్బందనిపిస్తే చివర్లు కొంత కత్తిరించుకోవడమే ఉపాయం.