నాలుగు దశాంశాలు చాలనుకోకండి: ఐఐఆర్ ఫిల్టర్ బోర్డులోకి ఎక్కించే ముందు జాగ్రత్తలు

ఫైనలియర్ ప్రాజెక్టు డెమోలు మొదలయ్యే రోజులివి. పోయిన వారం ఒక టీమ్ లోడ్ సెల్ తూకం పట్టుకొచ్చింది. పళ్లెంలో ఏమీ పెట్టలేదు. అయినా రీడింగ్ ఊగడం మొదలై, ప్రతి ఊపుకీ పెరుగుతూ, సెకను తిరిగేసరికి తెర నిండా చెత్త అంకెలు. పాపం పిల్లలు రెండు రోజులు వైరింగ్, గ్రౌండింగ్ వెతికారు. తప్పు అక్కడ లేదు. మ్యాట్‌ల్యాబ్ తెర మీద కనిపించిన హారం కోఎఫిషియంట్లను చూసి కోడ్‌లో టైప్ చేశారు, అంతే.

సెకనుకు 1000 శాంపిళ్లు, 10 హెర్ట్జ్ కటాఫ్, నాలుగో ఆర్డర్ బటర్‌వర్త్ లోపాస్. అసలు హారం కోఎఫిషియంట్లు ఇవి:

```
1  -3.83582554  5.52081914  -3.53353522  0.848556
```

`format short`లో కనిపించేవి −3.8358, 5.5208, −3.5335, 0.8486. తేడా ఐదో దశాంశంలో కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. అదే కొంప ముంచేది.

ఐదింటినీ కూడి చూడండి. అసలు మొత్తం సుమారు 0.0000144. హారం మూలాలైన నాలుగు పోల్స్‌కూ z = 1 నుంచి ఉన్న దూరాల లబ్ధమే ఈ సంఖ్య. ఒక్కో దూరం 0.06 చిల్లర, నాలుగూ గుణిస్తే ఇంత చిన్నదవుతుంది. నాలుగు దశాంశాలకు గుండ్రం చేశాక మొత్తం 0.0001, అంటే ఏడు రెట్లు. పోల్స్ గుంపుగా ఉన్నాయి కాబట్టి ఈ కాస్త తేడాకే అన్నీ చెల్లాచెదురవుతాయి. అసలు ఫిల్టర్‌లో అన్నిటికంటే బయటి జత వ్యాసార్ధం 0.976. గుండ్రం చేశాక అది 1.024. యూనిట్ సర్కిల్ దాటిపోయింది, అంటే ఫిల్టర్ అస్థిరమైపోయింది. సుమారు 12 హెర్ట్జ్ ఊగిసలాట, 30 మిల్లీసెకన్లకోసారి రెట్టింపు. తూకం మీద కనిపించింది అదే.

మూడు దశాంశాలైతే మొత్తం కచ్చితంగా సున్నా. రెండు పోల్స్ z = 1 మీదే కూర్చుంటాయి.

ఇప్పుడు అదే ఫిల్టర్‌ను రెండు రెండో ఆర్డర్ సెక్షన్లుగా ఉంచి, ఒక్కోదాన్ని అవే నాలుగు దశాంశాలకు గుండ్రం చేద్దాం. మొదటిది −1.8866, 0.8903. రెండోది −1.9492, 0.9531. మొత్తాలు 0.0037, 0.0039. వాటి లబ్ధం అసలు విలువకు అర శాతం లోపే. పోల్స్ దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ఎందుకంటే ఒక సెక్షన్‌లో ఒక జతే ఉంటుంది. పక్క జత దగ్గరగా ఉన్నా, ఈ సెక్షన్‌లో జరిగిన గుండ్రం దాన్ని తాకదు.

కాబట్టి మొదటి మాట, మళ్లీ మళ్లీ చెప్పే మాట: సెక్షన్లను గుణించి ఒక్క పెద్ద హారం చేయకండి. సైపైలో డిజైన్ చేసేటప్పుడే `output='sos'` అడగండి. గుణించి, గుండ్రం చేసి, ఆ తర్వాత సెక్షన్లుగా విడగొడితే లాభం లేదు. అప్పటికే చోటు మారిపోయిన పోల్స్‌నే విడగొడుతున్నారు.

రెండోది, గుండ్రం చేసిన తర్వాతి సంఖ్యలనే పరీక్షించాలి. డిజైన్ టూల్ గీసిన గ్రాఫ్ గుండ్రం చేయకముందుది, దాన్ని చూసి ధైర్యపడకండి.

```python
import numpy as np
from scipy.signal import butter
b, a = butter(4, 10, fs=1000)
q = np.round(a, 4)
print(q.sum(), abs(np.roots(q)).max())
```

రెండో సంఖ్య 1 దాటిందా, ఆ కోఎఫిషియంట్లు బోర్డు దాకా వెళ్లకూడదు.

ఇక మిగతావి.

తెర మీది అంకెలు టైప్ చేయకండి. ఫైల్‌లోకి పూర్తి అంకెలతో రాయించండి.

ఫ్లోట్ వాడుతున్నాం కదా అని నిశ్చింతగా ఉండకండి. ఇదే కటాఫ్‌కి ఎనిమిదో ఆర్డర్ చేస్తే ఆ మొత్తం సుమారు 0.0000000002. మధ్య కోఎఫిషియంట్ 60 దగ్గర ఉంటుంది, అక్కడ 32 బిట్ ఫ్లోట్ మెట్టు 0.000004, ఆ మొత్తం కంటే వేల రెట్లు పెద్దది. అప్పుడూ సెక్షన్లే. గుణించకండి.

16 బిట్లలో −1 నుంచి 1 వరకే పట్టే క్యూ15లో −1.9492 పట్టదు. రెండు వరకు పట్టే స్కేలు తీసుకోండి. మెట్టు 1/16384, అంటే మన నాలుగు దశాంశాల లాంటిదే.

గెయిన్‌ను గుండ్రం చేసిన హారం నుంచే లెక్కించండి: ఒక్కో సెక్షన్‌కు మొత్తాన్ని 4తో భాగించండి, లవం 1, 2, 1గా ఉంచండి. అప్పుడు డీసీ దగ్గర గెయిన్ సరిగ్గా 1 వస్తుంది.

లైబ్రరీ హారం గుర్తులు తిప్పి అడుగుతుందేమో చూడండి. ఆర్మ్ వారి సీఎంఎస్ఐఎస్ లైబ్రరీలోని బైక్వాడ్ ఫంక్షన్లు తిప్పే అడుగుతాయి.

మూడు దశాంశాలతో సరిపెట్టకండి. సెక్షన్లుగా ఉన్నా, మొదటి జత కాంప్లెక్స్ నుంచి రియల్‌కి మారి 0.957, 0.930 అవుతుంది. స్థిరంగానే ఉంటుంది కానీ మీరు డిజైన్ చేసిన ఫిల్టర్ కాదు.

కటాఫ్ సగానికి తగ్గించారా? దూరాలు సగమవుతాయి, నాలుగో ఆర్డర్‌లో ఆ మొత్తం సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. నిన్న సరిపోయిన బిట్లు ఈరోజు సరిపోవు. మళ్లీ గుండ్రం చేసి, మళ్లీ పోల్స్ చూడండి.