మినీబార్ బిల్లుపై గొడవ రాకుండా గది స్టాక్ ఎలా నడపాలి?

"ఈ కూల్‌డ్రింక్ నేను తాగలేదు" అని హోటల్ చెకౌట్ వేళ అతిథి అన్నాక ఫ్రంట్ ఆఫీస్ ఉద్యోగి చేయగలిగింది తక్కువే. ఆ అతిథి గదిలో దిగేముందు ఫ్రిజ్‌లో ఎన్ని డబ్బాలు ఉన్నాయో, ఎవరు ఎప్పుడు లెక్కపెట్టారో చూపించగలిగితే బిల్లు నిలబడుతుంది. చూపించలేకపోతే చార్జీ తీసేయక తప్పదు. అందుకే మినీబార్ పనంతా ఆ ఒక్క లెక్క చుట్టూ అమర్చుకోవాలి.

మొదట గదికి పార్ నిర్ణయించండి

పార్ అంటే ఒక వస్తువు ఎప్పుడూ ఉండాల్సిన నిర్ణీత సంఖ్య. ఒకే రకం గదులన్నింటిలో ఇది ఒకటే కావాలి, ప్రతి వస్తువుకూ అరలో ఒక చోటు కేటాయించాలి. పై అరలో ఎడమ నుంచి రెండు కూల్‌డ్రింకులు, రెండు సోడాలు అని ఫోటో తీసి ఫ్లోర్ ప్యాంట్రీలో అంటించండి. ఖాళీ చోటు కనబడగానే ఏది తగ్గిందో తెలిసిపోవాలి. ఫ్రిజ్ కిక్కిరిసిపోకుండా ఒక అర అతిథికి వదలండి. మందులో, పిల్లల పాలో పెట్టుకోవడానికి చోటు లేకపోతే ఆయన మన వస్తువులను బయటికి తీస్తారు, తర్వాత అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

సబ్బు, షాంపూ, టీ పొట్లాల వంటి ఉచిత వస్తువుల పార్‌ను ఆ గదిలో గరిష్ఠంగా ఎంతమంది ఉండవచ్చో దాన్నిబట్టి పెట్టండి. రోజూ వాడినంత మేరకే నింపండి. ఇవి బిల్లులోకి రావు కాబట్టి గది గదికీ వివరంగా రాయనక్కరలేదు, అంతస్తు మొత్తానికి వారానికోసారి లెక్క చూస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ తగాదా తెచ్చేది మంచినీళ్ల సీసా. మంచం పక్కన ఉచితంగా ఒకటి, ఫ్రిజ్‌లో ధర ఉన్నది ఇంకొకటి, రెండూ ఒకే కంపెనీవి, ఒకే పరిమాణంలో ఉంటే అతిథి పొరబడటం సహజం. అది ఆయన తప్పు కాదు, మన అమరిక తప్పు. ధర ఉన్న నీళ్లు వేరే రకానివి పెట్టండి, లేదా ఫ్రిజ్‌లో నీళ్లు అమ్మడమే మానేయండి. ధర ఉన్న చిరుతిళ్లను ఉచిత టీ పళ్లెంలో ఎన్నడూ పెట్టకండి.

స్టోరుకు పార్ లెక్క

ఉదాహరణకు ఒక అంతస్తులో 20 గదులు ఉన్నాయనుకుందాం. గదికి 2 కూల్‌డ్రింకులు పార్ అయితే, నిండుగా ఉన్నప్పుడు గదుల్లోనే 40 ఉంటాయి. సగటున 16 గదులు నిండుతూ, రెండు గదులకు రోజుకు ఒకటి చొప్పున ఖర్చయితే రోజుకు 8 పోతాయి. సరుకు వారానికోసారి వస్తుంది కాబట్టి 7 రోజులకు 56, ఆలస్యమైతే ఆదుకోవడానికి ఇంకో రెండు రోజులవి 16. అంటే ప్యాంట్రీ, స్టోరు కలిపి 72 ఉండాలి. మొత్తం పార్ 112.

లెక్కపెట్టినప్పుడు గదుల్లో 38, స్టోరులో 30 దొరికితే చేతిలో ఉన్నది 68. కాబట్టి 44 తెప్పించాలి. రోజువారీ ఖర్చును సీజన్ మారినప్పుడల్లా మళ్లీ లెక్కగట్టండి. ముందు వచ్చిన సరుకు ముందు వాడండి, గడువు ముగియడానికి నెల ముందే గదుల నుంచి తీసి ఎక్కువ అమ్ముడుపోయే చోటికి మళ్లించండి.

ఖాళీ అయిన గదిలో మొదటి లెక్క

అతిథి వెళ్లగానే, పరుపు దులపకముందే మినీబార్ చూడాలి. తేడాను అప్పటికప్పుడే ఫ్రంట్ ఆఫీస్‌కు చెప్పి, నింపి, తేదీ, సమయం, సంతకంతో గది చీటీలో రాయాలి. ఈ సంతకం లేనిదే ఆ గదిని తదుపరి అతిథికి సిద్ధమని ప్రకటించకూడదు. ఈ ఒక్క నిబంధనను కచ్చితంగా పాటిస్తే తగాదాల్లో పెద్ద భాగం పోతుంది.

లెక్కపెట్టడమంటే తలుపు తెరిచి చూడటం కాదు, ప్రతి సీసానూ చేతిలోకి తీసుకోవాలి. మూత తిప్పి చూడండి, సీలు తెగిందేమో గమనించండి. తాగేసి నీళ్లు నింపి యథాస్థానంలో పెట్టిన సీసాలు దొరుకుతుంటాయి. డబ్బాను తలకిందులు చేస్తే అడుగున చిల్లు బయటపడవచ్చు. ఇది చూడకుండా వదిలితే, పాత అతిథి తాగినది కొత్త అతిథి ఖాతాకు చేరుతుంది.

రోజువారీ తనిఖీ, చార్జీ వేయడం

అతిథి ఉన్న గదిని రోజూ ఒకే వేళకు చూడండి. అంతరాయం వద్దన్న బోర్డు ఉంటే చీటీలో సున్నా వేయకండి, "చూడలేదు" అని రాయండి. సున్నా అంటే లెక్కపెట్టాం, ఏమీ తగ్గలేదని అర్థం. ఈ రెండూ కలిసిపోతే మూడు రోజుల వాడకం ఒక్కసారిగా చివరి రోజున బిల్లులో పడుతుంది, అతిథికి అనుమానం వస్తుంది.

చార్జీని గది సంఖ్యతో పాటు అతిథి పేరు సరిచూసి వేయాలి. ఉదాహరణకు 412 గదిలో ఒకరు ఉదయం 11 గంటలకు వెళ్లారు, 2 గంటలకు ఇంకొకరు దిగారు. అటెండెంట్ 3 గంటలకు పాత చీటీ తీసుకొచ్చి రెండు చిరుతిళ్లని చెప్పారు. కంప్యూటర్‌లో 412 అని కొడితే అవి కొత్త అతిథికి చేరతాయి. చీటీలో చూసిన సమయం ఉంటే ఈ పొరపాటు అక్కడే పట్టుబడుతుంది. బిల్లులో "మినీబార్" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా వస్తువు పేరు, సంఖ్య, తేదీ కనిపించేలా చూడండి.

సెన్సార్ ఉన్న ఫ్రిజ్ అయితే ఇంకొంచెం జాగ్రత్త. వస్తువును ఎత్తి నిర్ణీత సమయంలో తిరిగి పెట్టకపోతే అది తనంతట తానే చార్జీ వేసేస్తుంది. అతిథి దాని పేరు చదవడానికి తీసి ఉండవచ్చు. ఎవరైనా వెళ్లి కళ్లారా చూశాకే ఆ మొత్తాన్ని ఖాయం చేయాలి.

అతిథి కాదన్నప్పుడు

చీటీ చూడండి. ఖాళీ గదిలో లెక్క, సంతకం, ఆ తర్వాత తగ్గినట్లు రాసిన సమయం ఉంటే మర్యాదగా చూపించండి. అప్పటికీ ఆయన ఒప్పుకోకపోతే, లేదా చీటీలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, చార్జీ తీసేయండి. ఒక డబ్బా ధర కోసం అందరి ముందూ అతిథిని అబద్ధాలకోరుగా నిలబెట్టడం తగదు. ఏ మొత్తం వరకు మేనేజర్‌ను అడగకుండా తీసేయవచ్చో ఫ్రంట్ ఆఫీస్‌కు ముందే రాసి ఇవ్వండి. వెళ్లిపోయాక తెలిసిన చిన్న మొత్తాలను ఆయన కార్డు నుంచి వసూలు చేయకండి, నష్టం కింద రాసుకోండి.

తీసేసిన ప్రతిసారీ గది, వస్తువు, అటెండెంట్, కారణం నమోదు చేయండి. వారం చివర వాటిని పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే వస్తువు వేర్వేరు గదుల్లో వస్తుంటే దాని సీలో, దాన్ని పెట్టిన చోటో సరిగా లేదు. ఒకే గది పదేపదే వస్తే ఫ్రిజ్ సెన్సార్‌నో, ఆ గది తాళాన్నో పరీక్షించండి. ఒకే వ్యక్తి పేరు వస్తుంటే, తప్పుపట్టే ముందు ఆ షిఫ్టులో వారికి ఎన్ని గదులు అప్పగించారో చూడండి. సమయం చాలక సీసాలు చేతికి తీసుకోకుండానే చీటీ నింపుతుంటే, గదుల సంఖ్య తగ్గించాలి.