వాల్ష్ కోడ్‌లు వాడినా ఒక యూజర్ డేటా ఇంకొకరిలోకి ఎందుకు కారుతోంది? సమస్య - పరిష్కారం

ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పంపే యూజర్లను విడదీయడానికి CDMAలో ఒక్కొక్కరికి ఇచ్చే బిట్ వరసలే వాల్ష్ కోడ్‌లు. సమస్య ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. ఇద్దరు యూజర్లకు రెండు వేర్వేరు వాల్ష్ కోడ్‌లు ఇచ్చారు, సిగ్నల్స్ కలిపి పంపారు, రిసీవర్‌లో ఎవరి కోడ్‌తో వాళ్లను విడదీశారు. +1 లేదా -1 రావాల్సిన చోట 0, 0.5, 1.5, 2 లాంటి విలువలు వస్తున్నాయి. పవర్ పెంచినా తప్పులు తగ్గవు. ఇక్కడే చాలామంది నాయిస్ మోడల్ మీద అనుమానపడి రోజంతా దాన్నే తిరగేస్తారు. దయచేసి ఆ పని మానేసి, ముందు నాయిస్‌ను పూర్తిగా ఆపేయండి. నాయిస్ సున్నా ఉన్నప్పుడు కూడా విలువలు చెడిపోతున్నాయంటే తప్పు కోడ్‌లలోనో, వాటిని వాడిన తీరులోనో ఉంది.

మొదటి చెక్: కోడ్‌లు +1, -1 లో ఉన్నాయా?

రెండు నిమిషాలు పట్టని ఈ చెక్‌ను దాదాపు అందరూ వదిలేస్తారు. పుస్తకాల్లో వాల్ష్ కోడ్‌ను 0, 1 గా రాస్తారు, ఎందుకంటే అక్కడ XOR చేస్తున్నారు. మీరు గుణకారం చేస్తుంటే 0ని +1గా, 1ని -1గా మార్చి తీరాలి. 0011, 0110 అనే రెండు కోడ్‌లను అలాగే గుణించి కూడితే 1 వస్తుంది, సున్నా రాదు. డేటా బిట్లకూ ఇదే నియమం. కోడ్ టేబుల్ మొత్తాన్ని ఒకేసారి చూడాలంటే ఇది చాలు:

```python
import numpy as np
from scipy.linalg import hadamard
H = hadamard(4)
print(H @ H.T)
```

వికర్ణం మీద 4, మిగతా అన్నిచోట్లా 0 కనబడాలి. అలా కనబడకపోతే ఇంకేమీ చూడనక్కర్లేదు, టేబుల్ సరిచేసుకోండి.

కోడ్‌లు సరిగ్గా ఉంటే ఏం రావాలి?

ముందుగా సరైన లెక్క ఒకసారి చేతితో చేసి చూద్దాం, తర్వాత చెడగొట్టేది దీన్నే. పై టేబుల్‌లో వరసలను 0 నుంచి లెక్కపెడితే:

```
W2 = +1 +1 -1 -1
W3 = +1 -1 -1 +1
```

రెండింటి డాట్ ప్రొడక్ట్ 1 - 1 + 1 - 1 = 0. ఎ యూజర్‌కు W2, బి యూజర్‌కు W3 ఇద్దాం. ఎ బిట్ +1, బి బిట్ -1 అనుకోండి. ఎ పంపేది +1 +1 -1 -1, బి పంపేది -1 +1 +1 -1. గాలిలో కలిసేది 0, 2, 0, -2. దీన్ని W2తో గుణించి కూడితే 0 + 2 + 0 + 2 = 4, నాలుగుతో భాగిస్తే +1. W3తో చేస్తే 0 - 2 + 0 - 2 = -4, అంటే -1. ఎవరి బిట్ వాళ్లకు చెక్కుచెదరకుండా వచ్చింది. ఎవరికీ ఇవ్వని W1తో చేస్తే 0 - 2 + 0 + 2 = 0, అదీ సరైనదే.

అసలు దొంగ: ఒక్క చిప్ ఆలస్యం

టేబుల్ సరిగ్గా ఉంది, చేతి లెక్క కూడా కుదిరింది, అయినా సిస్టమ్‌లో కారుతోందంటే నేను నేరుగా చూసేది టైమింగ్. కోడ్‌లోని ఒక్కో ±1ను చిప్ అంటారు. వాల్ష్ కోడ్‌ల ఆర్థోగోనాలిటీ, అంటే డాట్ ప్రొడక్ట్ సున్నా కావడం, అన్ని కోడ్‌లూ ఒకే చిప్ దగ్గర మొదలైనప్పుడు మాత్రమే నిజం. ఒక చిప్ జరిగితే కొంచెం తగ్గుతుందేమో, తొంభై శాతమైనా మిగులుతుందేమో అని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఎ సిగ్నల్ ఒక చిప్ ఆలస్యంగా వచ్చిందనుకోండి, వరసగా రెండు బిట్లూ +1 అయితే బి రిసీవర్ విండోలో ఎ నుంచి పడేవి: ముందు బిట్ చివరి చిప్ -1, ఆ తర్వాత +1 +1 -1.

```
A delayed = -1 +1 +1 -1
-W3       = -1 +1 +1 -1
```

అది W3కి సరిగ్గా వ్యతిరేకం! అంటే ఎ యూజర్ సిగ్నల్ బి కోడ్‌లా వేషం మార్చుకుని, పూర్తి బలంతో బి రిసీవర్‌లోకి వచ్చేసింది. బి తన బిట్ +1 పంపితే మొత్తం 4 - 4 = 0. రిసీవర్‌కు ఏమీ మిగల్లేదు.

ఎ బిట్ మారే చోట కథ కొంచెం వేరు. ముందు బిట్ -1, ఇప్పుడు +1 అయితే విండోలో పడేవి +1 +1 +1 -1. W3తో కూడితే -2, అంటే బి దగ్గర సగం బలంతో కారుతుంది. మిగతా రెండు సందర్భాలు గుర్తు మారిన ఇవే. కాబట్టి బి +1 పంపినప్పుడు బయటికొచ్చేవి నాలుగే విలువలు: 0, 0.5, 1.5, 2. మొదట్లో చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. నాయిస్ అయితే +1 చుట్టూ మేఘంలా పరుచుకుంటుంది. చిప్ జరిగితే మెట్లు మెట్లుగా, లెక్కపెట్టగలిగేలా కనబడుతుంది. హిస్టోగ్రామ్ వేసి చూడండి, తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇద్దరి పవర్ సమానంగా ఉంటే నాలుగో వంతు బిట్లు సున్నా దగ్గర పడతాయి. అక్కడ నిర్ణయం కాస్తంత నాయిస్ చేతిలో ఉంటుంది కాబట్టి వాటిలో సగం తప్పుతాయి. అంటే నాయిస్‌ను దాదాపు లేకుండా చేసినా బిట్ ఎర్రర్ రేటు 12.5 శాతం దగ్గర ఆగి కూర్చుంటుంది. గ్రాఫ్ కిందికి దిగుతూ దిగుతూ అడ్డంగా సాగిపోయిందంటే కారణం నాయిస్ కాదని అర్థం.

ఏ కోడ్ జరిగితే ఏ కోడ్ మీద పడుతుందో చూడటానికి పై ప్రోగ్రామ్‌కు ఒక్క లైన్ చేర్చండి:

```python
print(H @ np.roll(H, 1, axis=1).T)
```

W2, W3 ఒకదాని స్థానంలోకి ఒకటి వెళ్లిపోతాయి. W1 తన మీదే పడుతుంది కానీ గుర్తు మారుతుంది. W0 మాత్రం అన్నీ +1లే కాబట్టి కదలదు. ఇది బిట్లు మారని సందర్భం, అందరికంటే ఎక్కువ కారేది అప్పుడే.

అందరూ కలిసి జరిగితే ఇంకా మోసం

సిమ్యులేషన్లలో ఎక్కువగా జరిగేది ఇది. పల్స్ షేపింగ్ ఫిల్టర్ 10 చిప్‌ల పొడవు, చిప్‌కు 8 శాంపిళ్లు అనుకోండి. ఒక్కో ఫిల్టర్ 40 శాంపిళ్ల ఆలస్యం తెస్తుంది, ట్రాన్స్‌మిటర్‌లో ఒకటి, రిసీవర్‌లో ఒకటి కలిపి 80. చాలామంది ఒక ఫిల్టర్ ఆలస్యమే తీసేస్తారు. మిగిలిన 40 శాంపిళ్లంటే 5 చిప్‌లు, నాలుగు చిప్‌ల కోడ్‌కు అది ఒక పూర్తి బిట్, ఇంకో చిప్. ఇప్పుడు ఎ రిసీవర్‌లో ఎక్కువగా కనబడేది బి డేటా, బి రిసీవర్‌లో కనబడేది గుర్తు మారిన ఎ డేటా. చూసినవాళ్లు కోడ్ నంబర్లు తారుమారయ్యాయనుకుని టేబుల్‌లో ఇటుదటు మార్చేస్తారు, ఫలితం కొంత మెరుగుపడుతుంది, అంతే, అసలు తప్పు లోపలే ఉండిపోతుంది. నిజంగా నంబర్లే మారితే వచ్చే డేటా శుభ్రంగా ±1 ఉంటుంది. టైమింగ్ తప్పితే మాత్రం బిట్ మారిన ప్రతిచోటా విలువలు చెదురుతాయి. తేడా పట్టేది అక్కడే.

ఎలా సరిచేయాలి?

నాయిస్ ఆపి, ఎ ఒక్కడినే పంపి, బి రిసీవర్ ఏం చూపిస్తోందో చూడండి. అక్కడ సున్నా వచ్చి, ఎ రిసీవర్‌లో ఎ బిట్లు సరిగ్గా వస్తే ఎ టైమింగ్ బాగుంది. రెండోది కూడా చూడాలి, ఎందుకంటే రెండు చిప్‌లు జరిగినా బి దగ్గర సున్నాయే వస్తుంది. రాకపోతే ఒక్కో చిప్ జరుపుతూ ఈ రెండూ కుదిరే చోటు వెతకండి. అయితే ఈ వెతుకులాట ల్యాబ్ పరీక్షకే పనికొస్తుంది. అసలు సిస్టమ్‌లో సింక్ కోసం వాల్ష్ కోడ్‌ను నమ్మకండి. W1ను ఎంత జరిపినా ప్రతి చిప్ దగ్గరా పూర్తి బలమున్న శిఖరమే వస్తుంది, గుర్తు మాత్రం మారుతూ ఉంటుంది. సింక్‌కు కావాల్సింది ఒకే చోట పదునైన శిఖరం ఇచ్చే పీఎన్ సీక్వెన్స్, అంటే యాదృచ్ఛికంగా కనబడే ±1ల వరస.

అందుకే IS-95 అనే పాత CDMA మొబైల్ ప్రమాణంలో బేస్ స్టేషన్ నుంచి ఫోన్ వైపు 64 చిప్‌ల వాల్ష్ కోడ్‌లు వాడి, వాటి మీద 32,768 చిప్‌ల పీఎన్ సీక్వెన్స్ కప్పారు. పైలట్ ఛానల్‌కు W0 ఇచ్చారు, అంటే పైలట్‌లో మిగిలేది ఆ పీఎన్ ఒక్కటే, ఫోన్ దాన్నే పట్టుకుని టైమింగ్ కుదుర్చుకునేది. అందరి మీదా ఒకే పీఎన్ వేస్తే ఆర్థోగోనాలిటీ పోదు, ఎందుకంటే రిసీవర్ మళ్లీ దానితోనే గుణించినప్పుడు ప్రతి చిప్‌లోనూ ±1 వర్గమై 1 అవుతుంది. ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వని విషయంలో మాత్రం ఆ గుణకారం కుదరక అది చెల్లాచెదురవుతుంది. ఒక యూజర్ పూర్తి బలంతో మీద పడే బదులు సగటున 64వ వంతు పవర్‌తో నాయిస్‌లా మిగులుతాడు, సుమారు 18 డెసిబెల్స్ తక్కువ. ఒక షరతు ఉంది: పీఎన్ పొడవు కోడ్ పొడవు కంటే చాలా ఎక్కువ ఉండాలి. ప్రతి బిట్‌కూ అదే పీఎన్ ముక్క మళ్లీ వస్తే కారడం కూడా ప్రతి బిట్‌లోనూ అలాగే వస్తుంది, సగటు ప్రయోజనం దక్కదు.

ఫోన్ నుంచి బేస్ స్టేషన్ వైపు ఇది కూడా సరిపోదు. సెకనుకు 12,28,800 చిప్‌ల వేగంలో ఒక చిప్ సుమారు 0.81 మైక్రోసెకన్లు, ఆ సమయంలో రేడియో తరంగం 244 మీటర్లు వెళ్తుంది. ఫోన్ తన గడియారాన్ని ఆలస్యంగా అందిన పైలట్‌తోనే కలుపుకుంటుంది కాబట్టి ఆలస్యం పోనూ రానూ రెండుసార్లు పడుతుంది, ఇద్దరి దూరాల్లో 122 మీటర్ల తేడా చాలు ఒక చిప్ తప్పడానికి. IS-95లో ఆ దిశలో యూజర్లను వాల్ష్ కోడ్‌లతో వేరుచేయలేదు, పొడవాటి పీఎన్ కోడ్‌తో వేరుచేశారు. వాల్ష్ కోడ్‌లు అక్కడ ఆరు బిట్లను ఒక సింబల్‌గా పంపడానికి మాత్రమే. మీ ప్రాజెక్టులో అప్‌లింక్‌కు వాల్ష్ కోడ్‌లు పంచి ఉంటే, టైమింగ్‌ను చిప్‌లో చిన్న భాగం వరకు బిగించే ఏర్పాటు లేనిదే అది పనిచేయదు.

మిగతావి అరుదు

వేర్వేరు పొడవుల కోడ్‌లు కలిపి వాడుతుంటే, చిన్న కోడ్‌ల నుంచి పెద్దవి పుట్టే చెట్టులో ఒకదాని కింద ఇంకొకటి పుట్టిన కోడ్‌లను ఇద్దరికి ఇవ్వకండి, అవి ఆర్థోగోనల్ కావు. MATLABలో ఒకవైపు `comm.HadamardCode`, ఇంకోవైపు `comm.WalshCode` వాడితే వరస క్రమం వేరవుతుంది, అప్పుడు శుభ్రమైన సున్నాలో, వేరే యూజర్ శుభ్రమైన డేటానో వస్తుంది. NumPyలో కోడ్‌లను `astype(np.uint8)`తో మారిస్తే -1 కాస్తా 255 అవుతుంది. యాంప్లిఫయర్ శిఖరాలను కోస్తుంటే యూజర్లు పెరిగేకొద్దీ కారడం పెరుగుతుంది, ఒక్కరే ఉన్నప్పుడు ఏ మచ్చా కనబడదు.