సిండ్రోమ్ ఒక బిట్టును చూపిస్తే దిద్దేది ఇంకో బిట్టు: హామింగ్ (7,4) కోడ్ సమస్యలు - పరిష్కారాలు

చిత్తూరు దగ్గర ఒక మామిడి తోటలో ట్యాంకు నీటి మట్టాన్ని ఇంట్లో ఉన్న స్క్రీన్ మీద చూపించడం తిరుపతి ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు. మట్టం 0 నుంచి 15 వరకు, అంటే 4 బిట్లు. 433 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ వాటిని పంపుతుంది. బోరు మోటారు స్టార్టయ్యే క్షణంలో ఒక్కోసారి ఒక బిట్టు తిరగబడుతోందని వాళ్లు హామింగ్ కోడ్ పెట్టారు. నాలుగు డేటా బిట్లకు మూడు పారిటీ బిట్లు, అంటే తనిఖీ బిట్లు, కలిపి ఏడులో ఒక బిట్టు చెడితే దాన్ని కనిపెట్టి దిద్దే పద్ధతి అది. దాంతో గొడవ ఇంకా పెరిగింది. "సార్, అది పెట్టకముందే నయం. 11 ఉంటే 9 చూపించేది. ఇప్పుడు ఏకంగా 1 అంటోంది" అన్నారు. ట్యాంకు దాదాపు ముప్పావు వంతు నిండి ఉంటే స్క్రీన్ దాదాపు ఖాళీ అంటోందన్నమాట.

ఇలాంటప్పుడు ముందు మోటారును, యాంటెన్నాను వదిలేయండి. ఒక కోడ్‌వర్డ్, అంటే అలా తయారైన ఏడు బిట్ల పదం, తీసుకుని ఒక్కో బిట్టునూ చేత్తో తిరగేసి డీకోడర్‌కు ఇవ్వండి. ఏడు పరీక్షలు చాలు. వాటిలో ఏవి పాసయ్యాయో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

లక్షణం: 2, 5, 7 బిట్లు సరిగ్గా దిద్దుకుంటాయి, 1, 3, 4, 6 చెడిపోతాయి

పిల్లల ప్రాజెక్టులో జరిగింది ఇదే. వాళ్లు వాడిన పారిటీ చెక్ మాట్రిక్స్ ఇది:

```
H = [[1,0,1,0,1,0,1],
     [0,1,1,0,0,1,1],
     [0,0,0,1,1,1,1]]
```

దీనిలో ఏ కాలమ్ తీసుకున్నా, కింది నుంచి పైకి చదివితే దాని స్థానమే బైనరీలో కనిపిస్తుంది. ఆరో కాలమ్ పైనుంచి 0, 1, 1. కింది నుంచి చదివితే 110, అంటే 6. డేటా బిట్లు 3, 5, 6, 7 స్థానాల్లో ఉంటాయి, పారిటీ బిట్లు 1, 2, 4లో. మట్టం 11 అంటే 1011. పారిటీలు లెక్కేస్తే కోడ్‌వర్డ్ 0110011 అవుతుంది.

ఇప్పుడు ఆరో బిట్టు తిరగబడి 0110001 అందిందనుకోండి. మొదటి వరుస 1, 3, 5, 7 బిట్లను కూడుతుంది: 0+1+0+1, సరిసంఖ్య, కాబట్టి 0. రెండో వరుస 2, 3, 6, 7 బిట్లను: 1+1+0+1, బేసి, 1. మూడోది 4, 5, 6, 7 బిట్లను: 0+0+0+1, ఇదీ 1. ఈ మూడు ఫలితాలనే కలిపి సిండ్రోమ్ అంటారు. ఇక్కడ అది పైనుంచి కిందికి 0, 1, 1. అచ్చంగా ఆరో కాలమే. ఇందులో మాయేమీ లేదు. సరైన కోడ్‌వర్డ్‌ను H తో గుణిస్తే సున్నా వస్తుంది కాబట్టి, అందిన పదాన్ని గుణిస్తే మిగిలేది తప్పు జరిగిన బిట్టు తాలూకు కాలమ్ మాత్రమే.

కారణం: వాళ్ల ప్రోగ్రాం ఈ 0, 1, 1ని పైనుంచే చదివి 011, అంటే 3 అనుకుంది. బాగున్న మూడో బిట్టును తిరగేసింది. అసలు తప్పు ఆరులో అలాగే ఉండిపోయింది. ఫలితం 0100001, అందులో డేటా 0001. స్క్రీన్ మీద 1 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది కదా. 2, 5, 7 ఎందుకు తప్పించుకున్నాయంటే 010, 101, 111 ఎటునుంచి చదివినా ఒకటే. 1, 4 ఒక జత, 3, 6 ఒక జత తారుమారవుతాయి. ఐదో బిట్టు ఒక్కదాన్నే పరీక్షించి 'పనిచేస్తోంది' అని సంతకం పెట్టిన ల్యాబ్ రికార్డులకు కొదవ లేదు.

పరిష్కారం: సిండ్రోమ్‌ను సంఖ్యగా మార్చడం మానేసి, నేరుగా H కాలమ్‌లతో పోల్చండి.

```
def locate(r):
    s = [sum(a*b for a, b in zip(row, r)) % 2
         for row in H]
    if s == [0, 0, 0]:
        return 0
    for j in range(7):
        if [row[j] for row in H] == s:
            return j + 1
```

దిద్దిన తర్వాత సిండ్రోమ్‌ను మళ్లీ లెక్కించండి. సున్నా రాకపోతే దిద్దడంలోనే తేడా ఉంది. పై ఉదాహరణలో 5 వస్తుంది.

ఏడింటిలో ఒక్కటి కూడా పాసవకపోతే అది వేరే సంగతి. ఈ ఫంక్షన్ 1 నుంచి లెక్కపెడుతుంది, లిస్టు 0 నుంచి. తిరగేయాల్సింది `r[p-1]`, `r[p]` కాదు. పైథాన్ ఏడో బిట్టు దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. సీ అయితే నోరు మెదపకుండా పక్క మెమరీని చెడగొట్టే ప్రమాదం ఉంది.

లక్షణం: ఏ బిట్టూ తిరగేయకపోయినా కొన్ని విలువలకు సిండ్రోమ్ సున్నా రాదు

పంపేవైపు కోడ్ ఒక పుస్తకంలోది, అందుకునేవైపు కోడ్ ఇంకో పుస్తకంలోది అయితే ఇలా అవుతుంది. కొన్ని పుస్తకాల్లో డేటా నాలుగు బిట్లు ముందు, పారిటీ మూడు బిట్లు వెనక ఉంటాయి. ఆ పద్ధతిలో 11 అంటే 1011010. దీన్ని పై H తో పరీక్షిస్తే, తమాషాగా, సున్నాయే వస్తుంది! అందుకే ఒక్క విలువతో తృప్తిపడకూడదు. 8 పంపి చూడండి. అది 1000110 అవుతుంది, సిండ్రోమ్ 0, 1, 0 వస్తుంది. పాపం బాగున్న రెండో బిట్టును డీకోడర్ తిరగేస్తుంది.

1, 2, 4, 8 ఈ నాలుగు విలువలను పంపి చూస్తే చాలు. మిగతావన్నీ వీటి కూడికలే కాబట్టి, ఈ నాలుగింటికీ సున్నా వస్తే పదహారింటికీ వస్తుంది. రాకపోతే రెండు వైపులా ఒకే అమరిక వాడండి. డేటా ముందుండే అమరికే కావాలంటే దానికి తగిన H పెట్టాలి. అప్పుడు కాలమ్‌లు స్థానాల వరుసలో ఉండవు, సంఖ్యగా చదివే పద్ధతి అసలు నడవదు. పై ఫంక్షన్ మాత్రం H మారిస్తే చాలు, అలాగే పనిచేస్తుంది.

లక్షణం: ఏడు పరీక్షలూ పాస్, తోటలో మాత్రం అప్పుడప్పుడు తప్పు విలువ

ఇక్కడ ప్రోగ్రాం తప్పేమీ లేదు. ఒకే కోడ్‌వర్డ్‌లో రెండు బిట్లు తిరగబడుతున్నాయి. 0110011లో 3, 6 రెండూ తిరగబడితే ఆ రెండు కాలమ్‌లు కలిసి ఐదో కాలమ్ అవుతాయి. డీకోడర్ వెళ్లి ఐదో బిట్టును తిరగేస్తుంది. తప్పులు మూడవుతాయి, కానీ వచ్చిన 0100101 చెల్లుబాటయ్యే కోడ్‌వర్డే. మళ్లీ పరీక్షించినా సున్నాయే. స్క్రీన్ 11కి బదులు 5 చూపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

దీనికి ఎనిమిదో బిట్టు కలపండి, మొత్తం ఒకట్లు సరిసంఖ్య అయ్యేలా. సిండ్రోమ్ సున్నా కాకుండా ఒకట్లు బేసి అయితే ఒక బిట్టే చెడిందని లెక్క, దిద్దండి. సిండ్రోమ్ సున్నా కాకుండా ఒకట్లు సరి అయితే రెండు చెడ్డాయి. అప్పుడు దిద్దకండి, పారేసి తర్వాతి రీడింగ్ కోసం ఆగండి. సిండ్రోమ్ సున్నా, ఒకట్లు బేసి అయితే చెడింది ఆ ఎనిమిదో బిట్టే, డేటా జోలికి వెళ్లక్కర్లేదు. మూడు చెడితే మాత్రం ఈ బిట్టు కూడా ఒకే తప్పనుకుని మోసపోతుంది. ట్యాంకు మట్టం క్షణాల్లో మారేది కాదు కాబట్టి, వరుసగా రెండు రీడింగులు కలిస్తేనే మోటారు వేయమని నేనైతే అంటాను.

లక్షణం: సిండ్రోమ్ ఎప్పుడూ సున్నాయే, విలువలు మాత్రం అన్నీ తప్పు

11కి 4, 0కి 15 వస్తుంటే వైరింగ్ చూడండి. రిసీవర్‌కూ బోర్డుకూ మధ్య లెవెల్ మార్చడానికి పెట్టిన ట్రాన్సిస్టర్ ప్రతి బిట్టునూ తలకిందులు చేస్తుండవచ్చు. H లో ప్రతి వరుసలో నాలుగు ఒకట్లున్నాయి, కాబట్టి 1111111 కూడా కోడ్‌వర్డే. ఏడు బిట్లూ ఒకేసారి తిరగబడితే ఒక కోడ్‌వర్డ్ ఇంకో కోడ్‌వర్డ్‌గా మారుతుంది, సిండ్రోమ్‌కు తప్పు కనిపించదు. ఎనిమిదో బిట్టు కూడా దీన్ని పట్టుకోలేదు. ప్రతి సందేశం మొదట్లో 0 విలువ కోడ్‌వర్డ్ పంపండి. అవతల 1111111 వస్తే, అందిన బిట్లన్నీ తిరగేశాకే డీకోడర్‌కు ఇవ్వండి.