మల్టీప్లెక్సర్ గుండా కొలతలు – 4వ పాఠం: కెపాసిటర్ ఏ వైపున పెట్టాలి?

గత పాఠంలో ఛార్జ్ ఇంజెక్షన్ గురించి, అంటే మల్టీప్లెక్సర్‌లోని స్విచ్ మారినప్పుడు సిగ్నల్ దారిలోకి తోసే ఆవేశం గురించి చెబుతూ, ఒక కెపాసిటర్ పెడితే దాని ప్రభావం తగ్గుతుందని రాసి, అది స్విచ్‌కు ఏ వైపున ఉండాలో చెప్పకుండా వదిలేశాను. చాలామంది దానిని మల్టీప్లెక్సర్ ఉమ్మడి పిన్ దగ్గర, అంటే ఏడీసీ వైపున పెట్టారు. ఆ తరువాత ఒక ఛానల్ రీడింగులో అంతకుముందు చదివిన ఛానల్ వోల్టేజి కలుస్తోందని రాశారు. తప్పు నాదే కనుక, ఈ పాఠంలో వేరే విషయం మొదలుపెట్టను.

ఆన్ నిరోధం సంగతి ముందే తేల్చుకుందాం. మల్టీప్లెక్సర్ చిప్ CD4051 ను 5 వోల్టుల సరఫరాపై నడిపితే, మూసి ఉన్న స్విచ్ చూపే ఆన్ నిరోధం సాధారణంగా 470 ఓమ్‌లు ఉంటుంది. మన సెన్సర్ మూల నిరోధం 100 కిలో ఓమ్‌లు కనుక ఈ 470 లెక్కలోకి రాదు. దానికి భయపడి తక్కువ నిరోధం ఉన్న చిప్ కొన్నవారు ఒక సంగతి గమనించాలి. నిరోధం తగ్గాలంటే లోపలి ట్రాన్సిస్టర్‌ను వెడల్పు చేయాలి. వెడల్పు పెరిగితే గేటుకూ దారికీ మధ్య కెపాసిటెన్స్ పెరుగుతుంది, దానితో స్విచ్ మారినప్పుడల్లా సిగ్నల్ దారిలోకి తోసే ఆవేశమూ సాధారణంగా పెరుగుతుంది. మన పనికి అక్కరలేని గుణం కోసం అక్కరలేని దోషాన్ని తెచ్చుకున్నట్లయింది.

ఇక ఉదాహరణ. మొదటి ఛానల్‌లో 4 వోల్టులు, రెండవదానిలో 1 వోల్టు ఉన్నాయనుకుందాం. రెండింటి మూల నిరోధమూ 100 కిలో ఓమ్‌లే. ఏడీసీ 12 బిట్లది, పరిధి 5 వోల్టులు. కనుక ఒక మెట్టు 1.22 మిల్లీవోల్టులు. ఉమ్మడి పిన్ దగ్గర చిప్, ఏడీసీ, తీగలు కలిసి 40 పికోఫారడ్‌లు, స్విచ్ తోసే ఆవేశం 20 పికోకూలంబ్‌లు అనుకుందాం.

మీరు ఉమ్మడి పిన్ దగ్గర 10 నానోఫారడ్‌లు పెట్టారు. 20 పికోకూలంబ్‌ల తోపు అక్కడ 2 మిల్లీవోల్టులకు తగ్గింది, నిజమే. కానీ ఆ కెపాసిటర్‌లో ముందు ఛానల్ 4 వోల్టులు నిలిచి ఉన్నాయి. అవి 100 కిలో ఓమ్‌ల గుండా 1 వోల్టుకు దిగాలి. కాలస్థిరాంకం 1 మిల్లీసెకను. ఛానల్ మార్చిన 1 మిల్లీసెకనుకే చదివితే 3 వోల్టుల తేడాలో 37 శాతం, అంటే 1.1 వోల్టులు, ఇంకా మిగిలి ఉంటాయి. అర మెట్టులోపు రావడానికి కాలస్థిరాంకానికి ఎనిమిదిన్నర రెట్ల సమయం ఆగాలి.

ఆ కెపాసిటర్‌ను తీసివేస్తే కాలస్థిరాంకం 4 మైక్రోసెకన్లే. 20 పికోకూలంబ్‌లు 40 పికోఫారడ్‌లలో పడి అర వోల్టు కుదుపునిచ్చినా, పాత 3 వోల్టుల తేడా మిగిలినా, 40 మైక్రోసెకన్లు ఆగితే రెండూ సమసిపోతాయి. నేను మామూలుగా చేసేది ఇదే: కెపాసిటర్ పెట్టకుండా కాసేపు ఆగి చదవడం.

శబ్దం వడకట్టడానికి కెపాసిటర్ తప్పనిసరైతే ప్రతి ఛానల్‌కూ విడిగా, స్విచ్‌కు ముందు, సెన్సర్ వైపున 100 నానోఫారడ్‌లు పెట్టండి. అప్పుడు 40 పికోఫారడ్‌లలో మిగిలిన పాత ఆవేశం ఈ పెద్ద కెపాసిటర్‌తో పంచుకుని, 3 వోల్టుల తేడా 1.2 మిల్లీవోల్టులుగా మారుతుంది. ఈ పంపకం ఆన్ నిరోధం గుండా జరుగుతుంది కనుక మైక్రోసెకనులోపే ముగుస్తుంది.

నన్ను విసిగించే ఉచ్చు ఇక్కడే ఉంది. ఒక్కసారి చదివితే దోషం ఒక మెట్టే, కానీ సెకనుకు 1000 సార్లు చదివితే అంతటితో ఆగదు. ప్రతిసారీ 3 వోల్టులు × 40 పికోఫారడ్‌లు, అంటే 120 పికోకూలంబ్‌లు, ఆ ఛానల్ కెపాసిటర్‌లో పడుతున్నాయి. అది 100 కిలో ఓమ్‌ల గుండా కారిపోవడానికి కాలస్థిరాంకం 10 మిల్లీసెకన్లు, మీరో మిల్లీసెకనుకే మళ్లీ వస్తున్నారు. సెకనుకు 1000 సార్లు పడే ఈ ఆవేశం సగటున 120 నానోయాంపియర్ల కరెంటుతో సమానం, అది 100 కిలో ఓమ్‌లలో 12 మిల్లీవోల్టుల స్థిరమైన దోషాన్నిస్తుంది. స్విచ్ తోసే 20 పికోకూలంబ్‌లు దానికి మరో 2 మిల్లీవోల్టులను కలపవచ్చు, లేదా తగ్గించవచ్చు. రీడింగు కదలకుండా నిలిచి ఉంటుంది కనుక చూసేవారు సెన్సర్‌ను అనుమానించి, ఈ దోషాన్ని కూడా కలిపి కాలిబ్రేషన్ చేసేస్తారు. తరువాత పక్క ఛానల్ వోల్టేజి మారితే ఆ కాలిబ్రేషన్ చెడుతుంది.

దీనిని పట్టుకోవడానికి మూడు మార్పులు చేసి చూడండి. ఛానల్ మార్చాక ఆగే సమయం పెంచితే రీడింగు మారితే, అది ఇంకా స్థిరపడలేదు. ఆ సమయం అలాగే ఉంచి చదివే వేగం తగ్గిస్తే మారితే, ఆవేశం పేరుకుంటోంది. ఛానళ్ల వరుస మార్చితే మారితే, అది ముందు ఛానల్ మిగులు. మూడింటికీ కదలకపోతేనే సెన్సర్ వైపు చూడండి.

అభ్యాసం: సెన్సర్ వైపు 100 నానోఫారడ్‌లు అలాగే ఉంచి, మూల నిరోధాన్ని 1 మెగాఓమ్ చేయండి. రెండు ఆవేశాలూ ఒకే దిశలో కలిశాయనుకుని, సగటు దోషం అర మెట్టు దాటకుండా సెకనుకు ఎన్నిసార్లు చదవవచ్చో లెక్క కట్టండి. నాకు 4 వచ్చింది. ఆ తరువాత బల్లమీద సర్క్యూట్ కట్టి, వేగాన్ని 1 నుంచి 100 వరకు మార్చుతూ రీడింగుల గ్రాఫు గీయండి. ఆ గీత వాలు నుంచి మీ ఉమ్మడి పిన్ అసలు కెపాసిటెన్స్ ఎంతో రాబట్టండి. ఇందుకు ముందు ఛానల్ వోల్టేజిని రెండు వేర్వేరు విలువల వద్ద ఉంచి రెండు గీతలు గీయాలి, లేకపోతే స్విచ్ తోసే ఆవేశం విడిగా తేలదు.